ఉదయం నేను, మధ్యాహ్నం ఆమె: ఒకే పోస్టు ఇద్దరం చేస్తామని మేనేజర్‌కి మెసేజ్ పెట్టడం ఎలా?

ప్రశ్న: హన్మకొండలో ఒక ప్రైవేటు హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆరేళ్లుగా చేస్తున్నాను. జీతం 28 వేలు. పాపకు పదకొండు నెలలు. ప్రసూతి సెలవు అయిపోయాక జీతం లేని సెలవులో ఉన్నాను, అది నెలాఖరుకి అయిపోతుంది. మా అత్తమ్మ మధ్యాహ్నం రెండింటి దాకా పాపను చూసుకుంటానంటోంది. నాతో పాటు అదే డెస్క్‌లో చేసి పిల్లల కోసం మానేసిన ఇంకో అమ్మాయికి మధ్యాహ్నాలు వీలవుతుంది. పార్ట్ టైమ్ గానీ, ఇద్దరం కలిసి ఒకే పోస్టు గానీ ఇవ్వమని మేనేజర్ సార్‌కి వాట్సాప్‌లో అడగాలి. పెద్ద మెసేజ్ పెడితే ఆయన చదవరు. ఎలా రాయాలి?

సమాధానం:

వరంగల్, కరీంనగర్ హాస్పిటళ్లలో హెచ్ఆర్ పని చూసినదాన్ని కాబట్టి ఇలాంటి మెసేజ్‌లు అందుకునే వైపు నుంచి చెప్తాను. మీ మెసేజ్ తెరవగానే మేనేజర్ గారికి మొదట వచ్చే ఆలోచన పాప గురించి కాదు. "మధ్యాహ్నం తర్వాత డెస్క్‌లో ఎవరు కూర్చుంటారు?" అన్నదే. ఆయన చెడ్డవారని కాదు, సాయంత్రం డిశ్చార్జ్ ఆగిపోతే పేషెంట్ తాలూకు వాళ్లు వచ్చి అడిగేది ఆయన్నే. ఆ ప్రశ్నకు జవాబు మొదటి నాలుగు వాక్యాల్లో కనిపిస్తే మిగతాది చదువుతారు. లేకపోతే "చూద్దాం అమ్మా" అని పెట్టి ఫోన్ పక్కన పెడతారు.

అందుకే రాయడానికి ముందు మీరే ఒకటి తేల్చుకోవాలి. పార్ట్ టైమ్ గానీ, ఇద్దరం కలిసి గానీ అని రెండూ ఒకే మెసేజ్‌లో అడగకండి. రెండు దారులు చూపిస్తే అవతలివాళ్లు తమకు తేలికైనది పట్టుకుంటారు. ఇక్కడ వాళ్లకు తేలికైనది మీకు సగం జీతం ఇచ్చి, మధ్యాహ్నం పనిని బిల్లింగ్ వాళ్ల మీద వేయడం. నెల తిరిగేసరికి బిల్లింగ్ వాళ్లు ఒప్పుకోరు, "నాలుగింటి దాకా ఉండలేవా" అన్న ఫోన్ మీకే వస్తుంది.

మీ డెస్క్ రోజు ఎలా నడుస్తుందో మీకు తెలిసిందే, అయినా అడిగే మనిషిగా దాన్ని ఒకసారి చూడండి. డాక్టర్ల రౌండ్స్ అయ్యాక, పది పదకొండు మధ్య డిశ్చార్జ్ అనేవి ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఫైనల్ బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టులు అప్‌లోడ్ చేసేసరికి పన్నెండు దాటుతుంది. క్యాష్‌లెస్ డిశ్చార్జ్‌కి హాస్పిటల్ నుంచి రిక్వెస్ట్ అందిన మూడు గంటల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ఫైనల్ అప్రూవల్ ఇవ్వాలని, ఆ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధన పెట్టింది. అంటే ఉదయం మీరు పంపిన ఫైళ్లకు జవాబులు, క్వెరీలు మధ్యాహ్నం వస్తాయి. "మొదటిసారి చూపించుకున్న ఓపీ చీటీ కావాలి", "ఇంప్లాంట్ స్టిక్కర్ కనపడట్లేదు" అని వచ్చే క్వెరీలకు మూడింటికి జవాబు ఇచ్చే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకుండా మీరొక్కరే ఒకటిన్నరకు వెళ్లిపోతే సగం పని సగంలోనే ఆగుతుంది. కాబట్టి మీ విషయంలో ఇద్దరూ కలిసి ఒకే పోస్టు చేయడమే అడగదగినది. పైగా ఆ రెండో మనిషి మీకు దొరికింది, ఆ డెస్క్ ఆమెకు కొత్త కాదు. కొత్త మనిషికి పని నేర్పాల్సిన బాధ హాస్పిటల్‌కి లేదు, అదే మీ బలం.

వారంలో మూడు రోజులు మీరు, మూడు రోజులు ఆమె అని పంచుకోవడం కూడా ఉంటుంది. పరకాల నుంచో జనగామ నుంచో బస్సులో వచ్చేవాళ్లకు అది బాగుంటుంది, రోజూ ప్రయాణం తప్పుతుంది. మీకు అత్తమ్మ మధ్యాహ్నం దాకే చూస్తానంటున్నారు కాబట్టి పూట పూటగా పంచుకోవడం తప్ప వేరే దారి లేదు. దాంట్లో ఇబ్బంది ఒక్కటే, పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి రోజూ మారుతుంది. ఆ సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు మెసేజ్. నా దగ్గరకు ఎక్కువగా వచ్చినవి ఇలా ఉండేవి:

"నమస్తే సార్, బాగున్నారా? పాపకు పదకొండు నెలలు వచ్చినయి సార్. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక చాలా ఇబ్బందిగా ఉంది. అత్తమ్మకు కూడా మోకాళ్ల నొప్పులు. నాకు డ్యూటీ చేయాలనే ఉంది కానీ ఫుల్ టైమ్ కష్టం అవుతుంది సార్. పార్ట్ టైమ్ లాంటిది ఏమైనా ఉంటే దయచేసి చూడండి. లేదంటే ఇంకో అమ్మాయితో కలిసైనా చేస్తాను. మీ ఇష్టం సార్."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివిన మనిషికి మిగిలేది ఏమిటి? ఈ అమ్మాయి ఇంట్లో ఇబ్బందులు చాలా ఉన్నాయి, రేపు తరచూ సెలవులు పెడుతుంది అన్న అనుమానం. ఎన్ని గంటలు, ఎప్పటి నుంచి, మిగతా పూట ఎవరు అన్నది ఎక్కడా లేదు. "మీ ఇష్టం" అనడంతో ఆలోచించే భారం మొత్తం ఆయన మీద పడింది. డెస్క్ ఎలా నడపాలో ఆయన కూర్చుని ప్లాన్ వేయరు, ఆ ప్లాన్ మీరే ఇవ్వాలి.

దీన్నే ఇలా రాయండి:

"నమస్తే సార్. నా సెలవు ఈ నెలాఖరుకి అయిపోతుంది, ఒకటో తేదీ నుంచి డ్యూటీకి వస్తాను. ఇన్సూరెన్స్ డెస్క్‌లో నా పోస్టును ఇద్దరం పంచుకుని చేయడానికి మీ పర్మిషన్ కావాలి సార్. ఉదయం 9 నుంచి 1:30 వరకు నేను, 1 నుంచి 5:30 వరకు మన డెస్క్‌లోనే ఇదివరకు చేసిన ఫలానా. ఆమెతో మాట్లాడాను, ఒప్పుకుంది. ఇద్దరికీ కలిపి ఇప్పుడున్న ఒక్క జీతమే. లంచ్ టైమ్‌లో కూడా డెస్క్ ఖాళీగా ఉండదు. ముందు రెండు నెలలు ట్రయల్‌గా చేస్తాం సార్. ఈ వారంలో ఒకరోజు సాయంత్రం పది నిమిషాలు టైమ్ ఇస్తే వచ్చి వివరంగా చెప్తాను."

ఫలానా అన్నచోట ఆమె పేరు రాయండి. ఆమె నిజంగా సరే అన్నాకే, మెసేజ్‌లో తన పేరు పెట్టవచ్చని చెప్పాకే రాయండి. మేనేజర్ మెసేజ్ చూడగానే ముందు ఆమెకే ఫోన్ చేయవచ్చు. అప్పుడు ఆమె "ఇంకా మా ఇంట్లో అడగలేదు సార్" అంటే మీ మాట కూడా నిలవదు.

మొదటి వాక్యంలో డ్యూటీకి వస్తాను అని ఖాయంగా ఎందుకంటే, సెలవు మీద ఉన్న మనిషి నుంచి మెసేజ్ రాగానే మేనేజర్లు రాజీనామా అనుకుంటారు. ఆ భయం మొదటి వాక్యంలోనే పోవాలి. ఉద్యోగం మానేసి మళ్లీ చేరతానని మాత్రం ఎక్కడా అనకండి. మీరు ఇంకా రోల్స్‌లో ఉన్నారు, అడుగుతున్నది పని గంటల్లో మార్పు. కొత్తగా చేరినట్టు కాగితాలు చేస్తే మీ ఆరేళ్ల సర్వీసు అక్కడితో తెగిపోయి, లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది.

పాప ఊసు మెసేజ్‌లో లేకపోవడం మీకు వెలితిగా అనిపించవచ్చు. సెలవు ఎందుకు పెట్టారో ఆయనకు తెలుసు. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయనే అడుగుతారు, అప్పుడు మనసు విప్పి చెప్పండి. రాతలో పని గురించే ఉండాలి, ఎందుకంటే ఆ మెసేజ్‌ను ఆయన ఎండీ గారికో అకౌంట్స్‌కో ఫార్వర్డ్ చేస్తారు. వాళ్లకు మీరెవరో సరిగా తెలియకపోవచ్చు.

జీతం మాటలో రూపాయలు రాయలేదు, కానీ ఒక్క జీతమే అని రాశాను. కావాలనే. ఇద్దరు మనుషులు అనగానే యాజమాన్యానికి రెండు జీతాలు కనిపిస్తాయి, ఆ ఒక్క మాటతో అది పోతుంది. గంటల లెక్క కూడా చూడండి. మీ పాత డ్యూటీ తొమ్మిది నుంచి అయిదున్నర, అందులో అరగంట లంచ్ అనుకుంటే హాజరు ఎనిమిదిన్నర గంటలు. దాంట్లో సగం నాలుగుంపావు. మీరు చేసేది నాలుగున్నర. అంటే ఇద్దరూ చెరో పావుగంట ఎక్కువ ఇస్తున్నారు. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా ఇద్దరూ ఉండే అరగంట అక్కడి నుంచే వచ్చింది. అంతకంటే ఎక్కువ ఇవ్వకండి. సగం జీతానికి ఆరు గంటలు చేస్తామని మొదటిరోజే ఒప్పుకున్నవాళ్లు తర్వాత ఒక్క గంట కూడా వెనక్కి తెచ్చుకోవడం నేను చూడలేదు.

ఇక ఎదురుగా కూర్చున్నప్పుడు వచ్చే ప్రశ్నలు. మెసేజ్ పెట్టేముందే వీటికి జవాబులు మీ దగ్గర ఉండాలి.

మొదటిది, "ఉదయం నువ్వు చేసింది మధ్యాహ్నం ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?" దీనికి నోటితో జవాబు చెప్పకుండా ఒక కాగితం చూపించండి. మీ పాత రోజుల్లోని ఒక మామూలు రోజును తీసుకుని, పేషెంట్ల పేర్లు, నంబర్లు మార్చి, ఒక షీట్ నింపి తీసుకెళ్లండి. అందులో ఐపీ నంబర్, పేషెంట్ పేరు, క్లెయిమ్ నంబర్, ఫైల్ ఏ దశలో ఉంది, కంపెనీ ఏమడిగింది, ఆ కాగితం ఎవరి దగ్గర ఉంది. ఇవి అందరూ రాస్తారు. అందరూ వదిలేసేది చివరి గడి: పేషెంట్ తాలూకు వాళ్లకు మనం ఏం చెప్పాం. భూపాలపల్లి నుంచో ములుగు నుంచో వచ్చినవాళ్లు ఆటో మాట్లాడుకుని, సామాన్లు సర్దుకుని కూర్చుంటారు. ఉదయం మీరు "రెండింటికల్లా అయిపోతుంది" అని చెప్పి వెళ్లారు, మూడింటికి ఆమె "ఇంకా క్వెరీ ఉందండి" అంది అంటే డెస్క్ దగ్గర గొడవే. తప్పు ఇన్సూరెన్స్ కంపెనీది అయినా "ఇద్దరు చేయడం వల్లే ఇట్లయింది" అన్న మాట మీ మీదికి వస్తుంది. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా ఆ అరగంటలో ఇద్దరూ ఈ షీట్ చదువుకోవాలి, ముఖ్యంగా ఆ చివరి గడి.

దాంతో పాటే, కంపెనీల పోర్టల్స్‌కి ఇద్దరికీ వేరు వేరు లాగిన్లు కావాలని అడగండి. ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడితే ఏదైనా తప్పు అప్‌లోడ్ అయినప్పుడు ఎవరు చేశారో తేలదు. మెయిల్ మాత్రం డెస్క్‌కి ఒకటే ఉండాలి, మీ సొంత మెయిల్‌కి క్వెరీ వస్తే మధ్యాహ్నం ఎవరూ చూడరు.

రెండో ప్రశ్న, "ఒకరు సెలవు పెడితే?" ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టినా రెండోవాళ్లు రోజంతా ఉంటాం అని గొప్పగా చెప్పేయకండి. మీ అత్తమ్మ రెండింటి దాకే అన్నారు కదా. నెలలో రెండు రోజులైతే మీ ఆయనో, అమ్మ వాళ్లో వచ్చి పాపను చూసుకోగలరా అని ముందే ఇంట్లో అడిగి, అంతవరకే మాట ఇవ్వండి. సద్దుల బతుకమ్మకో, మేడారం జాతరకో ఇద్దరికీ ఒకేసారి సెలవు కావాల్సి వస్తుంది. ఈసారి ఎవరు, వచ్చేసారి ఎవరు అని మీలో మీరు తేల్చుకుని వెళ్లండి. మేనేజర్లు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, జవాబు తడుముకోకుండా వస్తే వాళ్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది.

మూడోది అకౌంట్స్ నుంచి వస్తుంది, దీని గురించి చాలామందికి తెలియదు. ఒక్క జీతమే అన్నాం కానీ హాస్పిటల్‌కి ఖర్చు కొంచెం పెరుగుతుంది. మీ 28 వేలల్లో బేసిక్, డీఏ కలిపి 20 వేలు అనుకుందాం. పీఎఫ్‌ను 15 వేల పరిమితి మీదే కడుతున్నారు అనుకుంటే హాస్పిటల్ వాటా 12 శాతం చొప్పున 1,800. ఇప్పుడు ఇద్దరికీ చెరో 14 వేలు, బేసిక్ చెరో 10 వేలు. పీఎఫ్ చెరో 1,200, మొత్తం 2,400. అంటే 600 ఎక్కువ. ఇక ఈఎస్ఐ. నెల జీతం 21 వేలు దాటితే అది వర్తించదు, కాబట్టి 28 వేల మీద మీకు లేదు. 14 వేలకు దిగితే, హాస్పిటల్‌కి ఈఎస్ఐ రిజిస్ట్రేషన్ ఉంటే, ఇద్దరూ అందులోకి వస్తారు. హాస్పిటల్ 3.25 శాతం కట్టాలి, అంటే ఇద్దరి మీదా 910. రెండూ కలిపి నెలకు సుమారు 1,510 రూపాయలు. ఈ సంఖ్య మీరే చెప్పండి. అకౌంట్స్ వాళ్లు పదిహేను రోజుల తర్వాత కనిపెట్టి "ఖర్చు ఎక్కువవుతోంది సార్" అని మేనేజర్‌కి చెప్పడం కంటే, మీరు ముందే చెప్పి, దానికి బదులుగా లంచ్‌లో కూడా డెస్క్ నడుస్తుందని చూపించడం మేలు.

మీ చేతికి వచ్చేది కూడా చూసుకోండి. ఇప్పటిదాకా 28 వేలల్లో పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోను 26 వేలు. ఇకమీదట 14 వేలల్లో పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 105 పోతాయి. తెలంగాణలో 15 వేల దాకా వృత్తి పన్ను లేదు. చేతికి 12,695. దాంతో పాటు మీకు, పాపకు ఈఎస్ఐ వైద్యం వస్తుంది.

డబ్బు విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది గ్రాట్యుటీ. అయిదేళ్లు దాటాయి కాబట్టి మీకు హక్కు వచ్చేసింది. కానీ దాన్ని లెక్కగట్టేది ఉద్యోగం వదిలేనాటి చివరి జీతం మీద. బేసిక్, డీఏ 20 వేలు ఉన్నప్పుడు ఆరేళ్లకు 20,000ను 26తో భాగించి, 15తో, 6తో గుణిస్తే సుమారు 69,230 వస్తుంది. సగం జీతంలో ఉండగా మానేయాల్సి వస్తే అవే ఆరేళ్లకు 34,615. మీరు పూర్తి జీతానికి చేసిన ఏళ్ల విలువ సగమైపోతుంది. అందుకని ఒప్పుకున్నాక ఇచ్చే లెటర్‌లో "ఫలానా తేదీ వరకు చేసిన సర్వీసుకు గ్రాట్యుటీ అప్పటి పూర్తి జీతం మీద లెక్కిస్తాం" అన్న ఒక్క వాక్యం రాయించుకోండి. ఈ మాట మెసేజ్‌లో వద్దు, మేనేజర్ సరే అన్న తర్వాత హెచ్ఆర్‌తో మాట్లాడేటప్పుడు అడగండి.

చట్టం మాటా మెసేజ్‌లో వద్దు. పార్ట్ టైమ్ ఇచ్చి తీరాలని ప్రైవేటు ఉద్యోగులకు చట్టంలో లేదు. ప్రసూతి సెలవు తర్వాత ఇంటి నుంచి పని అన్నది ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణలో వచ్చింది, అది కూడా పని స్వభావం ఒప్పుకుంటే, ఇద్దరూ మాట్లాడుకుని చేసుకునేదే. లేని హక్కును ఉన్నట్టు రాస్తే హెచ్ఆర్ వాళ్లు దాన్నే పట్టుకుంటారు. అయితే మీ ప్రతిపాదనకు పూర్తిగా కాదంటే అప్పుడు పనికొచ్చేది ఒకటుంది: 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది ఏర్పాటు ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసిరావచ్చు. పాపకు పదిహేను నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు కూడా ఉన్నాయి. ఫుల్ టైమ్‌కే రమ్మంటే మర్యాదగా వీటిని అడగండి.

మెసేజ్ ఎప్పుడు పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. వచ్చే నెల డ్యూటీ రోస్టర్ సాధారణంగా చివరి వారంలో వేస్తారు, ఇరవై తారీఖు లోపే మీ మాట ఆయన దగ్గర ఉండాలి. సోమవారం వద్దు, ఉదయం పూట వద్దు. నాలుగింటి తర్వాత, డిశ్చార్జ్‌లు సర్దుకున్నాక పెట్టండి. ముందు మేనేజర్‌కే. ఎండీ మేడమ్ మీకు బాగా తెలిసినా ఆమెకు పెట్టకండి, పైనుంచి వచ్చిన మాటను మేనేజర్ ఒప్పుకుంటారు గానీ ట్రయల్ రెండు నెలలూ తప్పులే వెతుకుతారు.

"చూద్దాం అమ్మా" అని వస్తే అది కాదనడం కాదు, ఆయన ఇంకా ఎవరినీ అడగలేదని అర్థం. మూడు నాలుగు రోజులు ఆగి ఇంత పెట్టండి: "సార్, ఇద్దరం రోజు ఎలా పంచుకుంటామో ఒక పేజీ రాసుకున్నాను. గురువారం సాయంత్రం తెచ్చి చూపించమంటారా?" అవునో కాదో చెప్పగలిగే ప్రశ్న కాబట్టి జవాబు వస్తుంది.

వాట్సాప్‌లో "ఓకే" వచ్చిందని మొదటి రోజు డ్యూటీ ఎక్కేయకండి. హెచ్ఆర్ నుంచి మెయిల్‌లోనైనా సరే, మీ ఇద్దరి గంటలు, చెరో జీతం, సర్వీసు కొనసాగుతుందన్న మాట, గ్రాట్యుటీ వాక్యం, ట్రయల్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నవి రాతలో రావాలి. ట్రయల్‌లో ఏం చూస్తారో కూడా అందులోనే అడగండి. సాయంత్రం అయిదున్నరకు జవాబివ్వని క్వెరీలు ఎన్ని మిగిలాయి అన్నది మంచి కొలత, మీ షీట్‌లోనే కనిపిస్తుంది. ట్రయల్ కుదరకపోతే మీరు పాత పోస్టుకి, పాత జీతానికి తిరిగి వెళ్తారన్నది కూడా రాయించండి. ఇద్దరిలో ఒకరు మధ్యలో మానేస్తే రెండోవాళ్లకు కొత్త జోడీ వెతకడానికి నెల గడువు ఇవ్వాలని కూడా అడగండి. ఆ అమ్మాయి కొత్తగా చేరుతోంది కాబట్టి ఆమెకు వేరే ఆర్డర్ వస్తుంది, రెండు కాగితాల్లోనూ గంటలు ఒక్కలాగే ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే సంతకం చేయండి.